నా ఫైలు లావెక్కిన కథ

డిగ్రీ చదివి బాయి దిగినవాళ్లు గోదావరిఖనిలో వీధికొకరు ఉంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. చేతిలో బీఎస్సీ కంప్యూటర్స్ పట్టా ఉంది, నెత్తిన క్యాప్ ల్యాంప్ పెట్టారు. బదిలీ వర్కర్‌గా మొదలుపెట్టి జనరల్ మజ్దూర్‌నయ్యాక కూడా నా ధ్యాస ఒక్కటే: సర్ఫేస్ మీదికి, వీలైతే ఏదో ఒక ఆఫీసు కుర్చీలోకి ఎట్లా చేరాలి?

ఇంటర్నల్ నోటిఫికేషన్ పడినప్పుడు నా ఫైలు అందరికంటే లావుగా ఉంటే చాలనుకున్నాను. నోటిఫికేషన్‌లో ఏ అర్హత అడుగుతారో పాతవి నాలుగు తెచ్చుకుని చదవవచ్చు. ఆ పని చేయలేదు. ఫోన్ తీసి, తక్కువ ధరకు సర్టిఫికెట్లిచ్చే ఆన్‌లైన్ కోర్సులు వెతికాను. నా తెలివితక్కువతనమంతా ఈ వరుస తప్పడంలోనే ఉంది. తరవాత జరిగినవన్నీ దాని పిల్లలు.

ఈ వేదికల గురించి మొదట తెలియాల్సిన విషయం నాకు చివరన తెలిసింది. వీటిలో చాలావాటిలో పాఠాలు ఉచితం, లేదా ఉచితానికి దగ్గర. ధర పెట్టేది కాగితానికి. ఎడెక్స్‌లో చాలా కోర్సులను ఊరికే చూడనిస్తారు, సర్టిఫికెట్ కావాలంటే డబ్బు కట్టాలి. యుడెమీలో డబ్బు కట్టిన కోర్సుకే సర్టిఫికెట్ ఉంటుంది, ఉచిత కోర్సుకు ఉండదు. అదైనా కోర్సు పూర్తి చేశారని చెప్పే కాగితమే తప్ప, తాను గుర్తింపు పొందిన విద్యాసంస్థను కాదని ఆ సంస్థే చెప్పుకుంటుంది. కాబట్టి చదువు కావలసినవాడు ఒక లెక్క వేసుకోవాలి, కాగితం కావలసినవాడు ఇంకో లెక్క. నేను కాగితం కావలసినవాణ్ణి అయి ఉండీ, చదువు కావలసినవాడిలా కోర్సుల పేర్లు, వాటి కింద నక్షత్రాలు చూసుకుంటూ కూర్చున్నాను. ఆ కాగితాన్ని ఎవరి బల్ల మీద పెట్టబోతున్నానో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మొదట చేరిన వేదిక పేరు చెప్పను. ఏడు రోజులు ఉచితం అంది. ఏడు రోజుల్లో కోర్సు లాగించేసి, సర్టిఫికెట్ దించుకుని, దులుపుకుని పోదామని నా ఎత్తు. ఉచితానికి ముందే యూపీఐలో ఆటోపేకు ఒప్పుకోమంది. పిన్ కొట్టాను. ఆ వారం నైట్ షిఫ్ట్ పడింది. పగలు నిద్ర, సాయంత్రం రేషన్, పిల్లల ఫీజు. ఏడు రోజులూ ఎటు పోయాయో తెలియదు. ఎనిమిదో రోజు నుంచి నెల నెలా డబ్బు కోయడం మొదలైంది.

ఇక్కడ మోసం జరిగిందని చెబితే అబద్ధమే అవుతుంది. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఇట్లా తమంతట తాము డబ్బు కోసుకునేవాళ్లు కనీసం 24 గంటల ముందు కబురు పంపాలి. 2021 అక్టోబరు నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. నాకూ ప్రతి నెలా కబురు వచ్చింది. భూగర్భ గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి నా ఫోన్ ఇంట్లోనే ఉంటుంది. పైకి వచ్చాక లోన్ ఇస్తామనే మెసేజ్‌లు, రీచార్జ్ మెసేజ్‌లతో కలిపి దాన్నీ తుడిచేసేవాణ్ణి. చివరికి మా ఆవిడే బ్యాంకు లెక్క చూసి, "ఏందయ్యా, నెల నెలా ఎవరికి పంపుతున్నవ్?" అని నిలదీసింది. చదువుకని చెబితే నమ్మలేదు. నమ్మకపోవడంలో న్యాయం ఉంది. ఆ నెలల్లో నేను చూసిన పాఠాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆపడం కూడా ఒక్కసారికి కాలేదు. వేదికలో సభ్యత్వం రద్దు చేయడం ఒక పని, యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితాలోకి వెళ్లి అనుమతి తీసేయడం ఇంకో పని. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే అన్నీ పోతాయని మొదట నేను చేసింది అదే. యాప్ పోయింది గానీ అనుమతి పోలేదు. ఆ నెల కూడా డబ్బు పోయింది.

దెబ్బ తగిలాక నెలవారీ చందా వద్దనుకుని, ఒకేసారి కొనే వేదికకు మారాను. అక్కడ గడియారం తిరుగుతుంటుంది. వేల రూపాయల కోర్సు వందల్లోనే, ఇంకో మూడు గంటలే గడువు. మూడు గంటలయ్యాక మళ్లీ అదే గడియారం మొదటి నుంచి తిరుగుతుందని కనిపెట్టేలోపు చాలానే కొన్నాను. ఇట్లా లేని తొందర పుట్టించడాన్ని, చందాలో ఇరికించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న తెచ్చిన మార్గదర్శకాల్లో తప్పుడు పద్ధతులుగా పేరుపెట్టి చెప్పింది. అట్లాంటివి ఎదురైతే 1915కు ఫోన్ చేయవచ్చు. నేను చేయలేదు. ఏం చెప్పి చేస్తాను? అగ్గువకు దొరికిందని ఎగబడింది నేనే.

కొన్నవన్నీ చూడాలి కదా. అక్కడ నా బుర్ర పాదరసంలా పనిచేసింది. వీడియోలన్నీ చివరిదాకా నడిస్తే చాలు, సర్టిఫికెట్ పుడుతుంది. చూస్తున్నది ఎవరో, అసలు ఎవరైనా చూస్తున్నారో లేదో అది అడగదు. నైట్ షిఫ్ట్‌కు పోయే ముందు ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టి, శబ్దం తగ్గించి, వేగం రెండింతలు చేసి వీడియోలు పెట్టి పోయేవాణ్ణి. నేను బొగ్గు ఫేస్ దగ్గర చెమటలు కక్కుతుంటే, ఇంట్లో ఫోన్ నా తరఫున డేటా అనాలిసిస్ చదివేది. పొద్దున వచ్చేసరికి సర్టిఫికెట్ తయార్. లక్ష్మీనగర్‌లో రంగుల ప్రింట్ తీయించి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టేవాణ్ణి. నిజం చెప్పాలంటే కోర్సుల కంటే ప్రింట్లకు, కవర్లకే ఎక్కువ ఖర్చయిందేమో.

ఫైలు లావెక్కింది. గర్వమూ లావెక్కింది. ఒకరోజు క్యాంటీన్‌లో మా షిఫ్ట్ ఓవర్‌మన్‌కు చూపించాను. రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డ మనిషి, ఎవరినైనా తమ్మీ అనే పిలుస్తాడు. ఒక్కొక్క కాగితం నిదానంగా తిప్పాడు. ఒకచోట ఆగి, కళ్లద్దాలు పైకి జరిపి తారీఖు చదివాడు.

"ఇది ఎన్నడొచ్చింది తమ్మీ?"

చెప్పాను.

"ఆ రాత్రి నువ్వు నా షిఫ్ట్‌లనే ఉన్నవ్ గదా? మస్టర్ పడ్డది గదా? మరి పరీక్ష ఎవరు రాసిండ్రు?"

పరీక్ష లేదన్నాను. పరీక్ష లేకుండా సర్టిఫికెట్ ఎందుకిస్తారని ఆయన, డబ్బు కట్టినందుకని నేను. అట్లాగా అని తలూపి, టీ తాగుతూ తన సర్టిఫికెట్ సంగతి చెప్పాడు. గ్యాస్ టెస్టింగ్ పరీక్షలో ఆయన్ను ఫ్లేమ్ సేఫ్టీ ల్యాంప్ ముందు నిలబెట్టారు. మంటను బాగా తగ్గించి, దాని మీద లేచే పలుచని నీలిరంగు టోపీ ఎత్తును బట్టి మీథేన్ ఎంత శాతం ఉందో చెప్పాలి. కన్ను సరిగా ఆనకపోయినా, చేతి వాటం లేకపోయినా అక్కడే తేలిపోతుంది. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ చేతిలో ఉంటేనే మైనింగ్ సర్దార్ సర్టిఫికెట్ దాకా పోవచ్చు. ఓవర్‌మన్, మేనేజర్ సర్టిఫికెట్లదీ ఇట్లాంటి దారే. ఫస్ట్ ఎయిడ్ తప్ప మిగతావన్నీ ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, మనం డీజీఎంఎస్ అనేది, కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ కింద ఇచ్చే సర్టిఫికెట్లు. యూట్యూబ్‌లో పాఠాలు విని ఆ పరీక్షలకు తయారు కావచ్చు. కానీ ఏ ఆన్‌లైన్ వేదికా ఆ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఎవరైనా ఇస్తామంటే డబ్బులు జేబులో పెట్టుకుని వచ్చేయడమే.

నా దారి సర్దార్ దారి కాదు, ఆఫీసు దారి అని సర్దిచెప్పుకున్నాను. ఆ మురిపెం పర్సనల్ ఆఫీసులో తీరింది. నోటిఫికేషన్ పడ్డ రోజు దరఖాస్తుతో పాటు ఫైలంతా బల్ల మీద పెట్టాను. అక్కడి క్లర్క్ మర్యాదస్తుడు. రెండు మూడు కాగితాలు చూసి, దరఖాస్తు ఫారం నా వైపు తిప్పి అడిగాడు. "ఇవి దీంట్ల ఏ కాలమ్‌ల రాయాలె అన్నా?"

ఫారంలో విద్యార్హత ఉంది, సర్వీసు ఉంది, కులం ఉంది, మస్టర్లు ఉన్నాయి. నా ఫైలుకు కాలమ్ లేదు. ఆయన దరఖాస్తు ఉంచుకుని, ఫైలు మాత్రం జాగ్రత్తగా ముడి వేసి తిరిగి ఇచ్చాడు. అక్కడ నెగ్గాల్సింది రాతపరీక్షలో అని అప్పుడు చదివాను. ఆ నోటిఫికేషన్‌ను ముందే చదివి ఉంటే ఆ డబ్బుతో, ఆ రాత్రులతో పాత ప్రశ్నాపత్రాలు చేసుకునేవాణ్ణి.

అంత జరిగినా ఊరుకోలేదు. ఈసారి బుద్ధిగా, పరీక్ష ఉన్న చోటే చదువుదామనుకున్నాను. స్వయం అనేది కేంద్ర ప్రభుత్వ వేదిక, 2017 జూలైలో మొదలైంది. దాంట్లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సులున్నాయి. చేరడం ఉచితం, వీడియోలు ఉచితం, అసైన్‌మెంట్లు ఉచితం. పరీక్ష రాయాలనుకుంటేనే డబ్బు. నేను కట్టినప్పుడు కోర్సుకు వెయ్యి రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ధ్రువపత్రం పెడితే సగమే. పరీక్ష ఇంట్లో కాదు, వాళ్లు చెప్పిన కేంద్రానికి గుర్తింపు కార్డు, హాల్ టికెట్ పట్టుకుని పోయి మూడు గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి. వచ్చే సర్టిఫికెట్ మీద మన ఫొటో ఉంటుంది, అసైన్‌మెంట్ మార్కులు, పరీక్ష మార్కులు విడివిడిగా ఉంటాయి. అది నిజమైనదేనా అని ఎవరైనా ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. ఓవర్‌మన్ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ కాగితం మీదే అచ్చయి ఉంటుందన్నమాట.

ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల ఇండస్ట్రియల్ సేఫ్టీ ఇంజనీరింగ్ తీసుకున్నాను. పన్నెండు వారాలు. ఒక ప్రమాదాన్ని తలకిందులుగా విప్పుకుంటూ పోయే ఫాల్ట్ ట్రీ పాఠం వచ్చినప్పుడు నిజంగా ఆనందమేసింది. పంపు ఆగిపోవడం, స్టాండ్‌బై పంపు కూడా పనిచేయకపోవడం, రెండూ కలిస్తేనే నీళ్లు నిండడం. ఇది మా బాయిలో రోజూ చూసేదే, దానికి లెక్క ఉందని నాకు తెలియదు. కొనడమే తప్ప చదవని వాణ్ణి, మొదటిసారి చదివాను.

కానీ నిబంధన మాత్రం సగమే చదివాను.

ఎన్‌పీటెల్ లెక్క ఇది. నూటికి 25 మార్కులు అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు. పన్నెండు వారాల కోర్సులో పన్నెండు అసైన్‌మెంట్లుంటే, ఎక్కువ మార్కులు వచ్చిన ఎనిమిదింటి సగటు తీసుకుంటారు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కు కనీసం 10 రావాలి, పరీక్షలో 75కు కనీసం 30 రావాలి. రెండూ విడివిడిగా రావాలి. మొత్తం కలిపి 40 దాటినా, ఒక వైపు తగ్గితే సర్టిఫికెట్ లేదు.

ఎనిమిదే లెక్క అంటే నాలుగు ఎగ్గొట్టవచ్చని నాకు అర్థమైంది. అంతవరకు సరే. అసైన్‌మెంట్ గడువు బుధవారం రాత్రి 11 గంటల 59 నిమిషాలు. మా షిఫ్ట్ వారం వారం మారుతుంది. రెండో షిఫ్ట్ పడిన వారం రాత్రి పదకొండుకు పైకి వచ్చి, ల్యాంప్ అప్పగించి, స్నానం చేసి ఇల్లు చేరేసరికి తారీఖు మారుతుంది. ఆ అసైన్‌మెంట్ కొన్ని రోజుల ముందే తెరిచి ఉంటుంది, ప్లేడే నాడే చేసి పంపవచ్చు. ఆఖరి గంట దాకా ఆగడం నా స్వభావం. రెండో షిఫ్ట్ బుధవారాలు అట్లా పోయాయి. మిగిలినవాటిలో ఒకటి చుట్టాల పెళ్లికి, ఒకటి జ్వరానికి, ఒకటి ఊరికే పోయాయి. చివరికి ఐదే పంపాను. 60, 70, 50, 60, 70 వచ్చాయి.

నా లెక్క చూడండి. ఐదూ కలిపితే 310. ఐదుతో భాగిస్తే 62. పాతికలో 62 శాతం అంటే 15.5. పదికి చాలా పైన ఉన్నానని నిశ్చింతగా ఫీజు కట్టి, ఒక మస్టర్ పోగొట్టుకుని, రామగుండంలో రైలెక్కి హైదరాబాద్ పోయి పరీక్ష రాసి వచ్చాను. 75కు 41 వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచాను.

వాళ్ల లెక్క వేరు. ఎనిమిదింటి సగటు అంటే ఎనిమిదితోనే భాగిస్తారు. పంపనివి సున్నా. 310ని ఎనిమిదితో భాగిస్తే 38.75. పాతికలో అది 9.69. కావలసింది 10. పరీక్ష 41, అసైన్‌మెంట్లు 9.69, మొత్తం 50 దాటింది. అయినా సర్టిఫికెట్ రాలేదు.

ఇంకో అసైన్‌మెంట్ పంపి, అందులో పది మార్కులు తెచ్చుకుని ఉంటే మొత్తం 320, సగటు 40, పాతికకు సరిగ్గా పది. పది ప్రశ్నల అసైన్‌మెంట్‌లో పది మార్కులంటే ఒక్క ప్రశ్న. కళ్లు మూసుకుని ఏదో ఒక గడి నొక్కినా రావచ్చు. ఇది తెలిసిన రోజు నేను అన్నం తినలేదు. మా ఆవిడ మాత్రం, నెల నెలా పోయిన డబ్బు కంటే ఇదే నయం, కనీసం చదివినవ్ అంది.

ఆమె మాటలో విషయం ఉంది. వీడియో నడిస్తే వచ్చిన కాగితాల కట్ట నాకు ఒక్క కాలమ్‌లోనూ పనికిరాలేదు. రాని కాగితం తాలూకు ఫాల్ట్ ట్రీ మాత్రం బాయిలో పంపు ఆగినప్పుడల్లా గుర్తొస్తుంది. అయితే దీన్ని చూసి స్వయం సర్టిఫికెట్ తెచ్చుకుంటే ప్రమోషన్ వస్తుందనుకుంటే మళ్లీ నా దారే. కాలేజీలో చేరి ఉన్న విద్యార్థికి, ఆ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే, స్వయం కోర్సులను 40 శాతం క్రెడిట్ల వరకు లెక్కలోకి తీసుకునే వీలు యూజీసీ ఇచ్చింది. ఉద్యోగం చేసుకునేవాడికి అట్లాంటి హామీ ఏమీ లేదు. బయట ప్రైవేటులో ఇంటర్వ్యూకు పోయేవాడికి, పరీక్ష రాసి తెచ్చుకున్న మార్కులని చూపించుకోవడానికి పనికొస్తుంది. మన ఆఫీసులో నోటిఫికేషన్ ఏం అడిగితే అదే.

విదేశీ విశ్వవిద్యాలయం పేరున్న కాగితమే కావాలనుకుంటే, చందా కట్టకముందు చూడాల్సింది ఇంకోటుంది. కోర్సెరాలో చాలా కోర్సులకు ఆర్థిక సహాయం అడిగే దరఖాస్తు ఉంటుంది. ఆదాయం ఎంత, కోర్సు ఎందుకు అని ఇంగ్లీషులో రాసి, రెండు వారాలకు అటూ ఇటూ ఆగితే రుసుము బాగా తగ్గవచ్చు. ఆ లింకు కోర్సు పేరు కిందే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఉచితం ఏడు రోజులు అనే పెద్ద బొత్తాం నొక్కే తొందరలో నేను దాన్ని చూడనేలేదు.

షిఫ్టుల మీద పనిచేసేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. నోటిఫికేషన్ గానీ, మీరు చేరదలచిన కంపెనీ ప్రకటన గానీ ముందు పెట్టుకుని, అందులో ఏ కాలమ్ ఉందో చదివాకే వేదిక వెతకండి. ఎన్‌పీటెల్‌లో పేరు ఇస్తే డబ్బు కట్టడానికి తొందరపడకండి. కోర్సు మొదలైన కొన్ని వారాల దాకా పరీక్ష రుసుముకు గడువు ఉంటుంది. మొదటి మూడు అసైన్‌మెంట్లు ప్లేడే నాడే పంపగలిగితే కట్టండి, లేకపోతే వీడియోలు చూసుకోండి, అవి ఎటూ ఉచితమే. ఆటోపే అడిగిన చోట పిన్ కొట్టకండి.

అదే కోర్సు మళ్లీ పెట్టారు. పేరు ఇచ్చాను. రుసుము ఇంకా కట్టలేదు.